ఒక్క డోసు ఎందుకు చాలదు? ఒక నాయనమ్మ అడిగిన మూడు ప్రశ్నలు

టీకా అసలే వద్దనే కుటుంబంతో మాట్లాడటం ఒక పని. మొదటి డోసు ఇష్టంగానే వేయించి, రెండోదానికి రాని కుటుంబంతో మాట్లాడటం పూర్తిగా వేరే పని. మొదటి కుటుంబానికి టీకా మీదే నమ్మకం లేదు. రెండో కుటుంబానికి నమ్మకం ఉంది. వాళ్ల లెక్కలో ఆ పని అయిపోయింది, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ అంచనాల ప్రకారం 2023లో కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గులకు వేసే టీకా మొదటి డోసు ప్రపంచంలో 89 శాతం శిశువులకు అందింది. మూడో డోసు దాకా వచ్చేసరికి అది 84 శాతమే. మధ్యలో జారిపోయిన ఆ పిల్లల తల్లిదండ్రులు టీకాకు వ్యతిరేకులు కారు. మొదటిసారి పిల్లను ఎత్తుకుని వచ్చినవాళ్లే.

ఇలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. బాబుకు ఐదు నెలలు. ఆరో వారంలో పెంటావాలెంట్ టీకా మొదటి డోసు పడింది. ఆ రాత్రి ఒళ్లు కాలింది, తొడ మీద సూది గుచ్చినచోట గట్టిపడింది, రెండు రోజులు ఎవరినీ నిద్రపోనివ్వలేదు. పదో వారంలో రావలసిన రెండో డోసు సమయానికి కుటుంబం వేరే ఊళ్లో ఉంది. తిరిగొచ్చాక నాయనమ్మ వద్దంది. ఊరి ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి కార్డు చూసి అడిగినప్పుడు ఆమె కొట్టిపారేయలేదు, వరసగా మూడు ప్రశ్నలు వేసింది.

"పుట్టగానే భుజానికి వేసిన సూది ఒక్కసారే కదమ్మా, మళ్లీ వేయలేదే. ఇదొక్కటే మూడుసార్లు ఎందుకు?" ఇది మొదటిది. "జ్వరం అంతలా వచ్చిందంటే మందు ఒంటికి పట్టినట్టే కదా?" ఇది రెండోది. మూడోది అసలైన టెన్షన్: "ఇప్పటికే ఆలస్యమైపోయింది. మళ్లీ మొదటినుంచి మూడూ వేస్తారా? అలాగైతే మాకొద్దు."

ఈ మూడింటికీ చాలామంది కార్యకర్తలు ఒకే జవాబు చెబుతారు. మొక్కకు ఒకసారి నీళ్లు పోస్తే చాలదు కదా, టీకా కూడా అంతే, వేసేకొద్దీ బలం పెరుగుతుంది అంటారు. వినడానికి బాగుంటుంది, కుటుంబం తల కూడా ఊపుతుంది. చిక్కల్లా అందులో సగమే నిజం ఉండటం. పిల్లల టీకాల్లో డోసులు తిరిగి వేయడానికి ఒకే కారణం లేదు. పెంటావాలెంట్ మూడు డోసులకు ఒక కారణం, తట్టు టీకా రెండో డోసుకు మరో కారణం, ఏడాదిన్నరకు, ఐదారేళ్లకు వేసే బూస్టర్లకు ఇంకో కారణం. అన్నిటికీ 'బలం' అనే జవాబే ఇస్తే, నాలుగు డోసులు పడ్డాక "ఇక చాలినంత బలం వచ్చింది" అని కుటుంబం తనంతట తానే తేల్చేసుకుంటుంది. ఆ తర్వాతి డోసులకు ఎవరూ రారు.

సీసాలో ఉన్నది ప్రాణం లేని సరుకు

మొదటి ప్రశ్నకు జవాబు సీసాలో ఏముందన్న దగ్గర మొదలవుతుంది. పెంటావాలెంట్ అంటే ఐదు జబ్బులకు ఒకే సూది. అందులో కంఠసర్పి, ధనుర్వాతం క్రిములు విడుదల చేసే విషాలను విరిచి, హాని చేయలేకుండా మార్చిన రూపం ఉంటుంది. కోరింత దగ్గు క్రిమిని చంపి కలుపుతారు. హెపటైటిస్ బి వైరస్ పైపొరలోని ఒక ప్రోటీన్, పసిపిల్లల్లో మెదడువాపు, న్యుమోనియా తెచ్చే హిబ్ అనే బ్యాక్టీరియా పైతొడుగులోని చక్కెర పదార్థం మిగతా రెండు. ఈ ఐదింటిలో ఏదీ శరీరంలో పెరగదు. వేసిన మోతాదు ఎంతో అంతే. కొన్నాళ్లలో శరీరం దాన్ని శుభ్రం చేసేస్తుంది.

భుజానికి వేసే బీసీజీ అలా కాదు. అది బలహీనపరిచిన సజీవ బ్యాక్టీరియా. వేసినచోట అది వారాల తరబడి ఉంటుంది, చిన్న పొక్కు లేస్తుంది, మచ్చ మిగులుతుంది. అంటే ఒక్క సూదితోనే శరీరానికి చాలా రోజుల పాటు దానితో పరిచయం జరుగుతుంది. అయితే ఇక్కడ కార్యకర్త నిజాయితీగా చెప్పవలసిన మాట ఒకటుంది. బీసీజీ ఒక్క డోసుతో జీవితాంతం క్షయ రాకుండా ఆపుతుందనేం కాదు. పసిపిల్లల్లో మెదడుకు, ఒళ్లంతా పాకే తీవ్రమైన క్షయ నుంచే అది ముఖ్యంగా కాపాడుతుంది. రెండోసారి వేస్తే అదనంగా పెద్ద లాభం కనిపించలేదు కాబట్టే మళ్లీ వేయడం లేదు. ఒక్కసారి వేసేది గట్టి మందు, మూడుసార్లు వేసేది నాసి మందు అన్న నాయనమ్మ అనుమానం ఇక్కడ విడిపోవాలి.

ప్రాణం లేని టీకా మొదటిసారి ఒంట్లోకి వెళ్లినప్పుడు ఏమవుతుంది? మన రక్తంలో, లింఫు గ్రంథుల్లో బీ కణాలని ఉంటాయి. యాంటీబాడీలు తయారుచేసేవి ఇవే. లక్షల రకాల బీ కణాల్లో, ఈ కొత్త పదార్థాన్ని పట్టుకోగల ఆకారం ఉన్నవి ఏ కొద్దో ఉంటాయి. అవి దాన్ని గుర్తుపట్టి, సంఖ్య పెంచుకుని, యాంటీబాడీలు వదలడానికి వారం, పది రోజులు పడుతుంది. అలా వచ్చిన తొలి యాంటీబాడీలు తక్కువ. వాటి పట్టు కూడా వదులు. కొన్ని వారాల్లోనే చాలావరకు తగ్గిపోతాయి. ధనుర్వాతం టీకా విషయంలో ఇది మరీ స్పష్టం. మొదటి డోసు ఒక్కటే పడినవారికి నమ్మదగిన రక్షణ దాదాపు ఉండదు.

కానీ ఆ డోసు వృథా పోలేదు. బయటికి కనిపించని పని లింఫు గ్రంథుల్లో నడుస్తూనే ఉంటుంది. అక్కడ బీ కణాలు విభజన చెందుతున్నప్పుడు వాటి యాంటీబాడీ ఆకారంలో చిన్నచిన్న మార్పులు జరుగుతాయి. ఏ మార్పు వల్ల పట్టు గట్టిపడిందో ఆ కణం మిగులుతుంది, తక్కినవి చస్తాయి. ఈ ఏరివేత వారాల తరబడి సాగుతుంది. చివరికి మిగిలినవాటిలో కొన్ని జ్ఞాపక కణాలుగా నిలిచిపోతాయి. రెండో డోసు పడినప్పుడు స్పందించేవి ఇవి. అప్పటికే ఏరివేతలో నెగ్గినవి కాబట్టి వారం పట్టకుండానే, ఎన్నో రెట్లు ఎక్కువగా, గట్టి పట్టున్న యాంటీబాడీలను వదులుతాయి. మూడో డోసు వాటినే మరోసారి సానబెడుతుంది. ఆ దశ దాటాక ఎక్కువమంది పిల్లల్లో యాంటీబాడీలు రక్షణ ఇచ్చే స్థాయికి చేరి కొన్నేళ్లు అక్కడే ఉంటాయి.

ఈ సంగతి ఎవరో ఊహించి చెప్పింది కాదు. బ్రిటన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ గ్లెన్నీ, తన సహచరుడు సుడ్‌మెర్సెన్‌తో కలిసి కంఠసర్పి విషంపై చేసిన పరిశోధనలో, మొదటి ఇంజెక్షన్‌కు మందకొడిగా స్పందించిన శరీరం రెండోదానికి ఎంతో వేగంగా, ఎంతో ఎక్కువగా స్పందిస్తుందని 1921లోనే రాశారు. టీకాలో అల్యూమినియం లవణం కలిపితే స్పందన పెరుగుతుందని 1926లో కనిపెట్టింది కూడా గ్లెన్నీ బృందమే. ఇప్పటి పెంటావాలెంట్ సీసాలో ఉన్నదీ అల్యూమినియం లవణమే. ఊపితే పాలలా తెల్లగా కనిపించడానికి అదే కారణం.

రెండు డోసుల మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలన్న నియమం కూడా ఈ ఏరివేత నుంచే వచ్చింది. పని సగంలో ఉండగా రెండోది వేస్తే, సిద్ధంగా ఉన్న జ్ఞాపక కణాలు తక్కువ, స్పందనా తక్కువ. అందుకే రెండు వారాలకే తొందరపడి వేసిన డోసును లెక్కలోకి తీసుకోకూడదు, సరైన గడువు తర్వాత మళ్లీ వేయాలి. "ఎలాగూ వచ్చాం, ఇవాళే వేసేయండి" అని బతిమాలే కుటుంబాలూ ఉంటాయి. వాళ్లకు కాదని చెప్పడం, రానివాళ్లను రప్పించడం కంటే కష్టం.

జ్వరం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

నాయనమ్మ రెండో ప్రశ్నలో తర్కం ఉంది. ఒళ్లు స్పందించింది కాబట్టే జ్వరం వచ్చింది, అది నిజమే. కాని ఏ స్పందన? టీకా వేసిన తొలి ఒకటి రెండు రోజుల్లో వచ్చే జ్వరం, వాపు శరీరపు తొలి కాపలా వ్యవస్థ పని. బయటి పదార్థం ఏది వచ్చినా అది అలాగే రేగుతుంది. దేన్నీ గుర్తుపెట్టుకోవడం దానికి తెలియదు. గుర్తుపెట్టుకునే బీ కణాలు ఆ రెండు రోజుల్లో ఇంకా పని మొదలుపెట్టే దశలోనే ఉంటాయి. జ్వరం తగ్గిపోయాకే అసలు పని ఊపందుకుంటుంది.

కాబట్టి జ్వరం బాగా వచ్చిన బిడ్డకు రక్షణ ఎక్కువ, రాని బిడ్డకు తక్కువ అని లెక్క వేయడం కుదరదు. జ్వరం రాకపోతే "మందు పనిచేయలేదేమో" అని కంగారుపడే తల్లులూ ఉంటారు. ఇద్దరికీ జవాబు ఒకటే. పెంటావాలెంట్ తర్వాత జ్వరం మామూలుగా కనిపించేదే, దానికి ముఖ్య కారణం అందులోని చంపిన కోరింత దగ్గు క్రిమి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. బిడ్డ బరువును బట్టి ఆరోగ్య సిబ్బంది చెప్పిన మోతాదులో పారాసెటమాల్ ఇస్తే సరిపోతుంది.

ఇక్కడే కార్యకర్త ఒక విషయం మర్చిపోకూడదు. "జ్వరం మామూలే" అని చెప్పి వదిలేయకుండా, మొదటి డోసు తర్వాత సరిగ్గా ఏం జరిగిందో అడగాలి. వేసిన కొద్ది నిమిషాల్లో, గంటల్లో ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, సొమ్మసిల్లడం జరిగాయా? వారంలోపు స్పృహ తప్పి మగతగా ఉండిపోవడం, ఆగకుండా ఫిట్స్ రావడం జరిగాయా? ఇలాంటివి ఉంటే తర్వాతి డోసు విషయం డాక్టరు తేల్చాలి, కార్యకర్త ఒప్పించే పని అక్కడితో ఆపాలి. జ్వరం, వాపు, విసుగ్గా ఏడవడం మాత్రమే ఉంటే రెండో డోసు ఆపడానికి కారణం లేదు. ఈ ప్రశ్నలు అడగడం వల్ల మరో మేలు కూడా ఉంది. తమ భయాన్ని ఎవరో పట్టించుకున్నారని కుటుంబానికి అప్పుడే అనిపిస్తుంది.

ఆరు వారాలకే ఎందుకు మొదలుపెట్టాలి

మూడు డోసులు ఎందుకన్న ప్రశ్న వెనక, పెద్దగా ఎవరూ అడగని ఇంకో ప్రశ్న ఉంది. హిబ్ టీకానే తీసుకుందాం. ఇప్పటిదాకా ఒక్క డోసూ పడని బిడ్డకు ఏడాది దాటాక వేస్తే ఒక్క డోసే చాలు. అదే టీకాను ఆరు వారాల బిడ్డకు వేస్తే మూడు డోసులు కావాలి. మందు అదే, మారింది బిడ్డ వయసు మాత్రమే. ఆరు వారాల శిశువు రోగనిరోధక వ్యవస్థ ఇంకా లేతది. దానికి తోడు, కడుపులో ఉన్నప్పుడు మాయ ద్వారా తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఇంకా రక్తంలో తిరుగుతూ, కొన్ని టీకాలకు వచ్చే స్పందనను అణుస్తాయి.

అలాంటప్పుడు ఏడాది దాకా ఆగి తక్కువ సూదులతో పని కానివ్వవచ్చు కదా? కుదరదు. ఎందుకంటే జబ్బు ఏడాది దాకా ఆగదు. కోరింత దగ్గు ఎక్కువగా ప్రాణం తీసేది ఆరు నెలల లోపు పిల్లలను, ముఖ్యంగా తొలి రెండు మూడు నెలల్లో. ఆ వయసు బిడ్డకు కోరింత దగ్గు వస్తే 'కూ' అనే శబ్దం కూడా రాకపోవచ్చు. దగ్గలేక ఊపిరి ఆగి నీలంగా మారడమే మొదటి లక్షణం కావచ్చు. హిబ్ మెదడువాపు కూడా ఎక్కువగా తొలి ఏడాదిలోనే దాడి చేస్తుంది. తల్లి ఇచ్చిన యాంటీబాడీలేమో ప్రతి మూడు నాలుగు వారాలకు సగానికి పడిపోతుంటాయి.

అంటే 6, 10, 14 వారాల షెడ్యూల్ ఒక బేరం. శరీరం బాగా స్పందించే వయసు దాకా ఆగితే జబ్బు ముందు వచ్చేస్తుంది. తొందరగా మొదలుపెడితే ఒక్కో డోసుకు స్పందన తక్కువ. తొందరగా మొదలుపెట్టి, ఆ లోటును తక్కువ ఎడంతో మూడు డోసుల ద్వారా పూడ్చాలన్నది తీసుకున్న నిర్ణయం. కోరింత దగ్గు విషయంలో ఒక్కో డోసు పడేకొద్దీ, ఆస్పత్రిలో చేర్చవలసిన తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం మెట్టుమెట్టుగా తగ్గుతుంది. కాబట్టి మొదటి డోసు రక్షణ సున్నా అని భయపెట్టనక్కర్లేదు, చాలని నమ్మించనూ కూడదు. మన బాబు ఐదు నెలలకు ఒక్క డోసుతో ఉన్నాడంటే, తల్లి యాంటీబాడీలు దాదాపు అడుగంటిన సమయంలో సగం కట్టిన గోడ వెనక ఉన్నట్టు. ఈ విషయం నాయనమ్మకు చెప్పవలసింది ఆమెను తప్పుపట్టడానికి కాదు, రెండో డోసు వచ్చే నెల కాకుండా ఇవాళే ఎందుకో తెలియడానికి.

తట్టు రెండో డోసు కథ వేరు

తొమ్మిది నెలలకు వేసే తట్టు టీకా సజీవ టీకా. బలహీనపరిచిన వైరస్ ఒంట్లో పెరుగుతుంది. అది 'పట్టిన' బిడ్డకు ఒక్క డోసుతోనే దీర్ఘకాలం, చాలావరకు జీవితాంతం, రక్షణ ఉంటుంది. మరి రెండో డోసు ఎందుకు? మొదటి డోసు కొందరికి పట్టదు కాబట్టి. తల్లి నుంచి వచ్చిన తట్టు యాంటీబాడీలు తొమ్మిది నెలలకు కొందరు పిల్లల్లో ఇంకా మిగిలి ఉంటాయి. అవి టీకా వైరస్‌ను పెరగనివ్వకుండానే పట్టి తుడిచేస్తాయి. బిడ్డకు సూది పడింది, కార్డులో రాశారు, ఒంట్లో మాత్రం ఏమీ జరగలేదు.

తొమ్మిది నెలలకు వేసిన వందమంది పిల్లల్లో సుమారు 85 మందికి రక్షణ వస్తుంది, 15 మందికి రాదు. ఆ 15 మంది ఎవరో చూసి చెప్పలేం. రక్త పరీక్ష చేస్తే తెలుస్తుంది గాని, ఊళ్లో ప్రతి బిడ్డకూ ఆ పరీక్ష చేయడం కంటే అందరికీ రెండో డోసు వేయడమే సులువు, చవక. పదహారు నెలలు వచ్చేసరికి తల్లి యాంటీబాడీలు పూర్తిగా పోయి ఉంటాయి. అప్పుడు వేస్తే ఆ 15 మందిలోనూ దాదాపు అందరికీ పడుతుంది. తక్కిన 85 మందికి అది అదనం, నష్టం లేదు.

వందమందికీ మొదటి డోసు వేసిన చోట కూడా, రెండో డోసు లేకపోతే ఏటా 15 మంది చొప్పున రక్షణ లేనివారు పోగవుతుంటారు. ఏడేళ్లకు ఆ లెక్క నూరు దాటుతుంది. అంటే ఒక ఏడాదిలో పుట్టిన పిల్లలందరితో సమానం. ఒక తట్టు రోగి, రక్షణ లేనివారి మధ్య ఉంటే, 12 నుంచి 18 మందికి అంటించగలడు. "మా ఊళ్లో అందరూ టీకా వేయించారు, అయినా తట్టు వచ్చింది" అన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఈ లెక్కే ఉంటుంది. టీకా పనిచేయలేదని తేల్చేయడం తేలిక. వయసులు అడిగి చూస్తే, జబ్బుపడ్డవారిలో ఎంతమంది ఒక్క డోసు దగ్గరే ఆగిపోయారో బయటపడుతుంది.

మొక్కకు నీళ్ల పోలిక ఇక్కడే విరుగుతుంది. తట్టు రెండో డోసు బలం పెంచేది కాదు, తప్పిపోయినవారికి రెండో అవకాశం. "మావాడికి మొదటి డోసు బాగా పట్టింది" అని ఏ కుటుంబమూ తనకు తాను తేల్చుకోలేదన్నదే కార్యకర్త చెప్పవలసిన అసలు మాట.

బూస్టర్లు, ధనుర్వాతం ఉదాహరణ

ఇక మూడో రకం. శిశువుగా మూడు డోసులూ పడ్డ బిడ్డలో కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గులకు యాంటీబాడీలు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతాయి. జ్ఞాపక కణాలు మాత్రం ఉంటాయి. జ్ఞాపకం ఉంటే చాలదా అంటే, అది జబ్బును బట్టి ఉంటుంది. హెపటైటిస్ బి వైరస్ ఒంట్లోకి చేరాక జబ్బుగా బయటపడటానికి నెలలు పడుతుంది. ఈలోగా జ్ఞాపక కణాలు తీరిగ్గా లేచి యాంటీబాడీలు తయారుచేసుకుంటాయి. అందుకే ఆ టీకాకు మామూలు పిల్లలకు తర్వాత బూస్టర్ అక్కర్లేదు. ధనుర్వాతంలో అంత వ్యవధి ఉండదు. విషం ఒకసారి నరాన్ని పట్టిందంటే ఏ యాంటీబాడీ దాన్ని విడిపించలేదు. కాబట్టి గాయం తగిలిన క్షణానికే రక్తంలో యాంటీబాడీలు తిరుగుతూ ఉండాలి.

ధనుర్వాతం వచ్చి బతికి బయటపడినవారికీ టీకా వేయాలంటే చాలామంది నమ్మరు. ఆ విషం ఎంత తీవ్రమైనదంటే, మనిషిని చంపగల మోతాదు కూడా రోగనిరోధక వ్యవస్థ గుర్తించగలిగేంత ఉండదు. జబ్బు రక్షణ ఇవ్వదు, టీకానే ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ శిశువుగా మూడు, ఆ తర్వాత ఏడాది నుంచి కౌమారం దాకా మరో మూడు, మొత్తం ఆరు డోసులు చెబుతుంది. భారత్‌లో 16 నుంచి 24 నెలల మధ్య, మళ్లీ ఐదారేళ్లకు, ఆ తర్వాత పది, పదహారేళ్లకు వేసేవి ఈ కోవలోవే.

బూస్టర్లు జారిపోతే ఏమవుతుందో కంఠసర్పి చూపించింది. 1990లలో పాత సోవియట్ యూనియన్ దేశాల్లో ఈ జబ్బు మళ్లీ విరుచుకుపడింది. 1990 నుంచి 1998 లోపు లక్షన్నరకు పైగా కేసులు, సుమారు 5,000 మరణాలు నమోదయ్యాయి. పిల్లల్లో టీకాలు తగ్గడం ఒక కారణమైతే, చిన్నప్పుడు వేయించుకున్న రక్షణ తగ్గిపోయిన పెద్దవాళ్లు ఎక్కువగా ఉండటం మరో కారణం. రోగుల్లో పెద్దవాళ్లు చాలామంది ఉండటం అప్పటి డాక్టర్లనే ఆశ్చర్యపరిచింది.

మళ్లీ మొదటినుంచి కాదు

నాయనమ్మ మూడో ప్రశ్నకు జవాబు ఆమె ఊహించినదానికంటే తేలిక. మొదటినుంచి వేయనక్కర్లేదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే సాగుతుంది. మొదటి డోసు తయారుచేసిన జ్ఞాపక కణాలు మూడు నెలలకు చెరిగిపోవు. ఎడం తక్కువైతే నష్టం గాని, ఎక్కువైతే చివరి స్పందనకు నష్టం లేదు. నష్టమంతా మధ్యలో గడిచిన కాలంలోనే, ఆ రోజుల్లో బిడ్డ అరకొర రక్షణతో ఉండటంలోనే. ఈ ఒక్క మాట ముందే తెలియక, తిడతారేమో, మళ్లీ అన్నీ వేస్తారేమో అని కేంద్రానికి రాని కుటుంబాలు ఉంటాయి. ఆలస్యమైనందుకు కసరడం ఆ భయాన్ని నిజం చేస్తుంది.

మన బాబు లెక్క ఇలా ఉంటుంది. ఇవాళ, సుమారు 22వ వారంలో, పెంటావాలెంట్ రెండో డోసు. నాలుగు వారాల తర్వాత, 26వ వారంలో, మూడోది. షెడ్యూల్ ప్రకారం 14వ వారానికి పూర్తికావలసింది మూడు నెలలు ఆలస్యంగా పూర్తయింది, అంతకుమించి ఏమీ పోలేదు. పెంటావాలెంట్‌తో పాటు మిగిలిపోయిన పోలియో వంటి టీకాలు కూడా ఆ రోజుల్లోనే వేయవచ్చు. వేర్వేరు చోట్ల ఒకే రోజు వేస్తే ఒకదాని పని మరొకటి చెడగొట్టదు. తొమ్మిది నెలలకు తట్టు మొదటి డోసు మామూలుగానే వేస్తారు, పెంటావాలెంట్ ఆలస్యం వల్ల దాన్ని వెనక్కి జరపకూడదు. కార్యకర్తలు తరచూ పొరబడేది ఇక్కడే. ఒకటి ఆలస్యమైంది కదా అని తక్కినవన్నీ అదే లెక్కన జరిపేస్తారు.

తర్వాతి తేదీని "నాలుగు వారాల తర్వాత" అని చెప్పి వదిలేయడం కంటే, కార్డులో పెన్సిల్‌తో రాసి, ఆ రోజు ఏ టీకా, అది ఎన్నోది అని తల్లి చేత తిరిగి చెప్పించడం మేలు. నాయనమ్మ చేత చెప్పించడం ఇంకా మేలు, ఈ ఇంట్లో నిర్ణయం ఆమెది కాబట్టి. జ్వరం గురించి కూడా సూది వేయకముందే చెప్పాలి. వేశాక చెబితే అది సర్దిచెప్పినట్టు వినిపిస్తుంది.

కార్డు పోతే ఏం చేయాలన్నది మిగిలిన చిక్కు. ముందు కేంద్రంలోని రిజిస్టర్‌లో, ఆన్‌లైన్ రికార్డులో వెతకాలి. అక్కడా దొరక్కపోతే, కుటుంబం "వేశారు" అన్న మాట ఒక్కదాని మీద ఆధారపడి డోసును లెక్కలోకి తీసుకోరు. వేయనట్టే అనుకుని వయసుకు తగ్గవి వేస్తారు. ఇప్పటికే రక్షణ ఉన్న బిడ్డకు తట్టు, పోలియో, హెపటైటిస్ బి మరో డోసు పడితే హాని లేదు. ధనుర్వాతం, కంఠసర్పి ఉన్న టీకాలు అవసరానికి మించి తరచూ పడితే మాత్రం సూది వేసినచోట వాపు, నొప్పి బాగా ఎక్కువగా రావచ్చు. అది కొన్ని రోజుల్లో తగ్గిపోయేదే అయినా, "టీకా వల్ల కాలు ఇంత వాచింది" అన్న కబురు ఊళ్లో ఎంత వేగంగా పాకుతుందో తెలిసిన కార్యకర్త, రెండు డోసులు పడిన కార్డును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోమని ఇంట్లోవాళ్లకు ఆ రోజే చెబుతుంది.